నెలకు పన్నెండు కరోసెల్‌లు: ముందు మాట, ఆ తర్వాతే బొమ్మ

ఇన్‌స్టాగ్రామ్‌లో వేలితో పక్కకు జరుపుతూ చదివే స్లైడ్ల వరుసను కరోసెల్ అంటున్నాం. 2017లో పది స్లైడ్ల హద్దుతో వచ్చింది, 2024లో ఆ హద్దు ఇరవైకి పెరిగింది. దీని చరిత్ర గురించి ఇంతకుమించి చెప్పుకోవలసింది పెద్దగా లేదు. చెప్పుకోవలసింది పనితనం గురించే. మంచి కరోసెల్‌లో ఒక స్లైడ్ దాటి ఇంకో స్లైడ్‌కు వెళ్లాలా వద్దా అని పాఠకుడు ప్రతిసారీ నిర్ణయించుకుంటాడు. అంటే ప్రతి స్లైడూ తర్వాతి దాన్ని సంపాదించి పెట్టాలి. ఈ పని ఒక్కరే చేసుకునేవాళ్లు విషయం వెతకాలి, రాయాలి, బొమ్మ వెయ్యాలి, పోస్ట్ చెయ్యాలి, కామెంట్లకు జవాబు చెప్పాలి. ఇవన్నీ ఏరోజుకారోజు చేస్తే మొదట దెబ్బ తినేది రాత. నెల పనిని ముందే పిల్లర్లుగా విడగొట్టుకుని, గంపగుత్తగా రాసుకునే పద్ధతి వేగం కోసం పుట్టిందని చాలామంది అనుకుంటారు. నా వాదన వేరు. ఒంటరిగా పనిచేసే మనిషి రాతను కాపాడుకోవడానికి దొరికిన గట్టి పద్ధతి ఇది.

ఈ కళలో గొప్పవాళ్లను చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. మోనా చలాబీ లెక్కలను చేత్తో బొమ్మలుగా గీస్తుంది. జెఫ్ బెజోస్ సంపద ఎంత పెద్దదో చూపిస్తూ న్యూయార్క్ టైమ్స్‌కు చేసిన పనికి 2023లో పులిట్జర్ బహుమతి అందుకుంది. అంత పెద్ద అంకెను మనిషి ఊహకు అందించడానికి ఆమె దాన్ని మనకు తెలిసిన కొలతలతో పోల్చి చూపిస్తుంది. లిజ్ ఫాస్లియన్ నాలుగు గీతల్లో ఆఫీసు మనిషి మనసంతా గీసేస్తుంది. ఆమె బొమ్మలో తీసెయ్యదగిన గీత కనబడదు. ఇద్దరి పనిలోనూ అనవసరమైన హంగు తక్కువ. ఏం చెప్పాలో తేల్చుకున్న తర్వాతే వాళ్ల కుంచె కదిలిందని పని చూస్తేనే అర్థమవుతుంది.

ఇక మన పని. ఒక ఉదాహరణ కల్పించుకుందాం. చేనేత చీరల గురించి తెలుగులో రాసే ఒక అమ్మాయి, ఆగస్టు నెల. వారానికి మూడు, సోమ, బుధ, శుక్రవారాల్లో, నెలకు పన్నెండు. ముందుగా పిల్లర్లు కావాలి. పిల్లర్ అంటే ఆమె పదేపదే తిరిగి వచ్చే ప్రశ్నల గుంపు. ‘చేనేత వైభవం’ అని పేరు పెట్టుకుంటే అందులో ఏదైనా పడుతుంది, అందుకే ఏదీ నిలవదు. చీర కొనేవాళ్లు నిజంగా అడిగే మాటల నుంచే పిల్లర్లు పుట్టాలి: అసలైనదని ఎలా గుర్తుపట్టాలి, ఎలా నేస్తారు, ఇంత ధర ఎందుకు, ఎలా కాపాడుకోవాలి. ఈ నాలుగూ చాలు. ఒక పిల్లర్ నిలుస్తుందో లేదో తేల్చడానికి తేలికైన పరీక్ష ఉంది. దాని కింద ఒక్క విడతలో పదిహేను వేర్వేరు ప్రశ్నలు రాయగలగాలి. ఏడెనిమిదికే పాతవి తిరగబడుతుంటే అది పిల్లర్ కాదు, ఒక్క కరోసెల్‌కు సరిపడే విషయం. యాభై దాటినా ఆగకపోతే అది మరీ వెడల్పు, ఇంకా కోసుకోవాలి.

ప్రశ్నలు పోగయ్యాక పన్నెండింటికీ చోటు నింపెయ్యకూడదు. పది మాత్రమే ముందు ఖాయం చేసి, రెండు ఖాళీగా ఉంచుకోవాలి. గుర్తుపట్టడం మీద మూడు, నేత పని మీద మూడు, ధర మీద రెండు, సంరక్షణ మీద రెండు. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం. 1905లో అదే రోజున మొదలైన స్వదేశీ ఉద్యమాన్ని తలుచుకునే రోజు. ఆ వారం నేత పని పిల్లర్‌కు చెందాలి. శ్రావణమాసపు కొనుగోళ్లు సాగే రోజుల్లో గుర్తుపట్టడం రావాలి, ఎందుకంటే ఆ సమాచారం దుకాణంలో ఉన్నప్పుడే పనికొస్తుంది. చీరలు కట్టి మడతపెట్టే నెలాఖరుకు సంరక్షణ. ఖాళీగా ఉంచిన రెండు చోట్లలో నెల మధ్యలో పాఠకుల నుంచి వచ్చిన ప్రశ్నలకు జవాబులు పడతాయి.

బ్యాచ్ రాత అంటే పది కరోసెల్‌లను ఒకదాని తర్వాత ఒకటి పూర్తిచెయ్యడం కాదు. అలా చేసినవాళ్లే నాలుగోదానికి అలసిపోయి పద్ధతిని తిడతారు. పది పనుల్లోనూ ఒకే దశను ఒక విడతలో చెయ్యాలి. మొదటి విడతలో ఒక్కో కరోసెల్‌కు ఒక్కో వాక్యం: చదివినవాళ్లు చివరికి ఏం తెలుసుకుంటారు? ఆ వాక్యం రాకపోతే ఆ విషయం ఇంకా పండలేదని అర్థం, పక్కన పెట్టాలి. ఈ దశలోనే తెలియని సంగతులన్నీ ఒకచోట బయటపడతాయి. ధర మీద రాయబోయే రెండింటికి నూలు ఖర్చెంత, కూలి ఎంత, ఒక చీరకు మగ్గం ఎన్నాళ్లు పడుతుంది అన్నవి ఊహించి రాసేవి కావు. నేతన్నతో ఒక్కసారి కూర్చుని అన్నీ అడిగి రావచ్చు. ఏరోజుకారోజు రాసేవాళ్లకు అంత తీరిక ఉండదు, ఆ ఖాళీని ఎక్కడో చదివిన అంకెతో పూడుస్తారు. రెండో విడతలో చివరి స్లైడ్లు, ఆపైన మొదటి స్లైడ్లు. మూడో విడతలో మధ్యవి, ఒకే పిల్లర్‌కు చెందినవి కలిపి. ఒక రోజు ఆగి పైకి చదువుతూ కోత. అప్పుడు మాత్రమే కాన్వా తెరవాలి.

‘గుర్తుపట్టడం’ పిల్లర్‌లో ఒకదాన్ని విప్పి చూద్దాం. వాక్యం ఇది: ఇకత్ చీరకూ ఇకత్ అచ్చు వేసిన చీరకూ తేడాను దుకాణంలోనే పట్టుకోవచ్చు. మొదటి స్లైడ్: ‘ఇకత్ చీర కొనేముందు దాన్ని తిరగేసి చూశారా?’ రెండోది: ఇకత్‌లో రంగు బట్టకు కాదు, నేతకు ముందే నూలుకు ఎక్కుతుంది. మూడోది: పోచంపల్లిలో నూలును లెక్క ప్రకారం ముడులు కట్టి అద్దుతారు, కట్టినచోట రంగు పట్టదు. నాలుగోది: అందుకే బొమ్మ రెండు వైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది. అయిదోది: అచ్చు చీర వెనక వైపు చాలావరకు వెలవెలబోతుంది. ఆరోది: అసలు ఇకత్‌లో బొమ్మ అంచులు సన్నగా చెదిరినట్టుంటాయి, అచ్చులో కత్తిరించినట్టుంటాయి. ఏడోది: అయితే రంగు అద్దిన నూలును మరమగ్గం మీద నేసినా రెండు వైపులా ఒకేలా ఉంటుంది, కాబట్టి ఈ పరీక్ష అచ్చును మాత్రమే పట్టిస్తుంది. ఎనిమిదోది: పల్లు తిరగేసి చూడండి, ఆపైన హ్యాండ్లూమ్ మార్క్ అడగండి. ఈ ఎనిమిదిలో నాకు అన్నిటికన్నా విలువైనది ఏడోది. చెప్పినదాని హద్దు ఎక్కడో చెప్పే స్లైడ్ అది. తొందరలో రాసేవాళ్లు మొదట తీసేసేదీ అదే.

ఈ పద్ధతిలో తప్పులు ఎక్కడ దొర్లుతాయో కూడా తెలుసుకోవాలి. మొదటిది, పది ముఖచిత్రాలూ ఒకే గొంతుతో మొదలవడం. వాటిని పక్కపక్కన పరిచి చదివితే మూడింటికి మించి ‘మీకు తెలుసా’ అని మొదలైతే అలసట రాతలోకి దిగిందని గుర్తు. రెండోది, వరుస లేకపోవడం. మూడు నుంచి ఆరు వరకు స్లైడ్లను తారుమారు చేసి చదవాలి. ఏమీ చెడకపోతే అది జాబితా, కరోసెల్ కాదు. పై ఉదాహరణలో మూడు, నాలుగు మారిస్తే ‘అందుకే’ అన్న మాట గాలిలో తేలుతుంది. మూడోది, రెండో స్లైడ్‌ను మొదటిదానికి తోకలా రాయడం. ఒకసారి జరపకుండా వదిలేసిన పాఠకుడికి ఇన్‌స్టాగ్రామ్ అదే పోస్ట్‌ను రెండో స్లైడ్‌తో మళ్లీ చూపించవచ్చు, కాబట్టి అది తనంతట తాను నిలబడాలి. నాలుగోది తెలుగు లిపికి సంబంధించింది. ఇంగ్లిష్ కోసం చేసిన టెంప్లేట్‌లో వరుసల మధ్య ఎడం తక్కువ, మన వత్తులు కింది వరుసలోని గుడిదీర్ఘాలను గుద్దుకుంటాయి. ఎడం పెంచాలి, స్లైడ్‌కు ఇరవై మాటలు దాటకుండా చూసుకోవాలి, ఫోన్‌లో చెయ్యి చాచి పట్టుకుని చదివి చూడాలి.

నెల ముందే రాసుకుంటే తాజాదనం పోతుందని ఒక అభ్యంతరం. పిల్లర్లు పెట్టుకుంటే విసుగు పుడుతుందని ఇంకొకటి. రెంటికీ తెలుగువాళ్ల దగ్గర ‘చందమామ’ అనే జవాబుంది. 1947లో మొదలైన ఆ మాసపత్రికలో బేతాళ కథ దశాబ్దాల పాటు ఒకే చట్రంలో వచ్చింది: విక్రమార్కుడు, భుజం మీద శవం, కథ, చిక్కుప్రశ్న, జవాబు. చట్రం మారనందుకు ఏ పిల్లాడూ చదవడం మానలేదు, ఎందుకంటే చిక్కుప్రశ్న ప్రతి నెలా కొత్తది. విసుగు చట్రంలోంచి రాదు, ప్రశ్న పాతబడినప్పుడు వస్తుంది. తాజాదనం కోసమే ఆ రెండు చోట్లు ఖాళీగా ఉన్నాయి. రీల్స్‌కే రీచ్ ఎక్కువ కదా, ఈ శ్రమ ఎందుకు అనేవాళ్లూ ఉన్నారు. కొత్త కళ్లకు చేరడానికి రీల్ మేలు కావచ్చు, కాదనను. కానీ దుకాణంలో చీర తిరగేసే మనిషికి ఆగి, వెనక్కి జరిపి, మళ్లీ చదువుకునే వీలు కావాలి. ఆ వీలు కరోసెల్‌లో ఉంది. అందుకే నెలాఖరున లైకులు కాదు, సేవ్‌లూ షేర్లూ పిల్లర్లవారీగా చూసుకోవాలి. ఒక్కటి పేలినంత మాత్రాన పిల్లర్ గెలిచినట్టు కాదు, దాని కింద వచ్చినవన్నీ నిలకడగా సేవ్ అయితే గెలిచినట్టు.

ఇప్పుడు నా కోపం చెబుతాను. మన తెలుగు ఫీడ్లలో కరోసెల్ పేరుతో తిరుగుతున్నవాటిలో చాలావరకు ఇంగ్లిష్ పోస్టులకు మక్కీకి మక్కీ అనువాదాలు. ‘ముప్పై రోజుల కంటెంట్ రెడీ’ అంటూ టెంప్లేట్ల కట్టలు అమ్ముతున్నారు. వాటిలో మాటల చోటు ముందే కొలిచి ఉంటుంది, విషయం ఆ డబ్బాల్లోకి ఒదగాలి. విషయానికి ఆరు స్లైడ్లు చాలినా పది నింపుతారు, పన్నెండు కావాల్సినా పదికే కోస్తారు. హద్దు చెప్పే ఏడో స్లైడ్‌కు ఆ కట్టల్లో చోటే ఉండదు. ఎవరో వారం కష్టపడి తెలుసుకున్న సంగతిని రంగు మార్చి, పేరు చెరిపి, తమదిగా వేసుకునేవాళ్లు ఇంకో రకం. దీనికి నింద ప్రణాళిక మీద పడుతుంది, కానీ నిజానికి ఇది ప్రణాళిక లేకపోవడం వల్ల జరిగే దొంగతనం. పిల్లర్లను తన పాఠకుల ప్రశ్నల నుంచి తీసుకున్నవాళ్లకు ఇంకొకరి స్లైడ్లు పనికిరావు.

కాబట్టి ఒంటరిగా రాస్తున్న తెలుగు వాళ్లకు నా విన్నపం ఒకటే. వచ్చే నెల మొదలుకాకముందే టెంప్లేట్ మూసేసి కాగితం తీయండి. మిమ్మల్ని జనం నిజంగా అడిగిన ప్రశ్నలు రాసి నాలుగు గుంపులు చెయ్యండి. పదింటికి పది వాక్యాలు రాయండి, తెలియనివి తెలిసినవాళ్లను అడగండి, వాళ్ల పేరు ఒప్పుకుంటే చివరి స్లైడ్‌లో వెయ్యండి. ఇక చదివేవాళ్లకు కూడా ఒక మాట: ‘ఇది ఎక్కడ పనిచెయ్యదు’ అని తనంతట తానే చెప్పిన కరోసెల్ కనబడితే లైక్ కొట్టి దాటిపోకండి. సేవ్ చేసుకోండి, చేసినవాళ్ల పేరుతోనే నలుగురికీ పంపండి. ఆ అంకెలు చూసుకునే వచ్చే నెల పిల్లర్లు ఖాయమవుతాయి.