పదిహేను సెకన్ల పరిచయం

ఇరవై మంది వ్యాపారుల సమావేశం. వరసగా పరిచయాలు, మనిషికి పదిహేను సెకన్లు. వైండింగ్ షాపాయన వంతు వచ్చింది. లేచి, రెండు క్షణాలు ఆగి అన్నాడు: "చేలో బోరు మోటారు కాలిపోతే ఇవాళ నా దగ్గర పడేయండి, రేపు సాయంత్రానికి నీళ్ళు పారతాయి. షాపు బస్టాండు వెనకాల." ఆ తరవాత తన పేరు, నిదానంగా.

ఇందులో ఎంత పనితనముందో! మామూలుగా అందరూ పేరుతోనే మొదలుపెడతారు. అప్పటికి వినేవాళ్ళ చెవులింకా ముందు మనిషి దగ్గరే ఉంటాయి. ఈయన ముందు ఒక బొమ్మ చూపించి, పేరును దానికి తగిలించాడు. పంపుసెట్లు, ఫ్యాన్లు, మిక్సీలు కూడా బాగుచేస్తాడట, అది టీ దగ్గర తెలిసింది. అన్నీ ఏకరువు పెట్టి ఉంటే ఒక్కటీ గుర్తుండేది కాదు.

ఇంకొకటి, ఆయన చూపు ఎదురు వరసమీదుంది. తన వంతుకు ముందు వినిపించిన మాటలు మనిషికి సరిగా గుర్తుండవని మాల్కం బ్రెన్నర్ 1973లో ప్రయోగం చేసి చూపించాడు. పక్క కుర్చీ మనిషి తన మాటలు కూర్చుకునే హడావుడిలో ఉంటాడు, ఎంత బాగా చెప్పినా అతనికెక్కదు. అతనికి మళ్ళీ విడిగా చెప్పుకోవాల్సిందే. ఈయన టీ కప్పు అందుకోగానే మొదట వెళ్ళింది ఆ పక్క కుర్చీ మనిషి దగ్గరికే.