ఎనిమిది ముఖాముఖీలు: ఇతివృత్త విశ్లేషణా? గ్రౌండెడ్ థియరీయా?

విశాఖ ఉక్కు కర్మాగార నిర్వాసితులలో సబ్బవరం పరిసరాలకు చేరిన కుటుంబాలతో ఒక పరిశోధకుడు ఎనిమిది ముఖాముఖీలు జరిపి, అన్నింటినీ లిఖితరూపంలోకి తెచ్చాక పద్ధతిని వెదుకుతున్నాడనుకుందాం. ఇటువంటి సందర్భాలలో సిద్ధాంత గ్రంథానికి బరువు వస్తుందని గ్రౌండెడ్ థియరీ పేరు పెట్టడం పరిపాటి. అది సమంజసం కాదు.

1967లో గ్లేజర్, స్ట్రాస్ ప్రతిపాదించిన ఆ పద్ధతిలో సేకరణ, విశ్లేషణ జంటగా నడవాలి. మూడవ వ్యక్తి "ఆర్ కార్డు ఉంది, కొలువు రాలేదు" అంటే, నాల్గవ ముఖాముఖీ కొలువు వచ్చినవారితోనో, కార్డులో పేరు లేని ఆ ఇంటి స్త్రీతోనో జరగాలి. ఎవరిని కలవాలో విశ్లేషణే నిర్ణయిస్తుంది. ఎనిమిదీ ముగిశాక ఆ అవకాశం లేదు. చివరి ముఖాముఖీలో కొత్త విషయం రాలేదు కనుక సంతృప్త స్థితి వచ్చిందనడమూ చెల్లదు. అందరినీ అవే ప్రశ్నలు అడగడం వల్ల కూడా అలా జరగవచ్చు.

బ్రౌన్, క్లార్క్ 2006లో వివరించిన ఇతివృత్త విశ్లేషణ ఇక్కడ పొసగుతుంది. అయితే 'భూమి', 'ఉద్యోగం', 'పరిహారం' ఇతివృత్తాలు కావు. అవి ప్రశ్నావళి శీర్షికలే. 'కార్డు తరతరాల నిరీక్షణగా మారడం' అన్నది ఒక అర్థాన్ని ప్రతిపాదిస్తుంది. దానితో ఎనిమిది ప్రతులనూ మళ్లీ చదివి, పొసగని చోట్లను కూడా చూపాలి.

నిరీక్షణ ఏ క్రమంలో ఏర్పడిందన్నదే అసలు ప్రశ్న అయితే, ఈ ఎనిమిదింటినీ తొలి విడతగా భావించి మళ్లీ క్షేత్రానికి వెళ్లాలి.