బీపీ ఫారంలో కొట్టేయాల్సిన గడి

థీసిస్ కోసం చిన్న సర్వే తలపెట్టిన పీజీ విద్యార్థులు ఫారం ముసాయిదా పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. అంశం చాలాసార్లు బీపీయే. ఒక క్లినిక్, ఓపీకి వచ్చే రెండు మూడు వందల మంది, ఒక పేజీ ఫారం. ఆ పేజీ అడుగున దాదాపు ప్రతిసారీ ఒక గడి ఉంటుంది: ‘హైపర్‌టెన్షన్: ఉంది / లేదు’. పెన్ను తీసి నేను ముందుగా కొట్టేసేది దాన్నే.

“అది తెలుసుకోడానికే కదా మేడమ్ సర్వే!” అంటారు పిల్లలు. నిజమే. అయితే ఉందా లేదా అన్నది తీర్పు. తీర్పు చెప్పాల్సింది ఫారాలన్నీ చేతికొచ్చాక, ముందే రాసిపెట్టుకున్న ఒకే నియమం ప్రకారం. కొలిచే గదిలో నర్సు రాయాల్సింది తన కంటికి కనిపించిన అంకె, తన చెవిన పడ్డ జవాబు, అంతే. 2017లో అమెరికా గుండె వైద్య సంఘాలు బీపీ హద్దును 130/80కి దించాయి. మన ప్రభుత్వ కార్యక్రమాలు 140/90నే పాటిస్తున్నాయి. అంకెలు రాసి ఉంచుకున్న వాళ్ళు రెండు హద్దులతోనూ లెక్క చూసుకోగలరు. టిక్కు మాత్రమే పెట్టిన వాళ్ళకి ఆ దారి మూసుకుపోయినట్టే.

ఒక మనిషిని తీసుకుని చూద్దాం. మోకాళ్ళ నొప్పులతో వచ్చిన 52 ఏళ్ళ టైలరమ్మ. బీపీ మాత్రలేవీ వాడటం లేదు. మొదటి కొలత 152/94, రెండోది 138/86, మూడోది 134/84. ఆమెకి బీపీ ఉన్నట్టా, లేనట్టా? మొదటి కొలతనే పట్టుకుంటే ఉన్నట్టే. మూడింటి సగటు తీస్తే 141/88. పై అంకె 140 దాటింది కాబట్టి అప్పుడూ ఉన్నట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్టెప్స్ సర్వేలో చేసినట్టు మొదటిది వదిలేసి చివరి రెంటి సగటు తీస్తే 136/85. అప్పుడు లేనట్టు. మనిషి ఒకరే, కొలతలూ అవే, మారింది లెక్క కట్టిన తీరు. ఏ తీరున కట్టాలో కోడింగ్ గైడులో సర్వే మొదలు కాకముందే రాసి ఉండాలి. ఫలితాలు చూశాక ఎంచుకుంటే మనకు నచ్చిన అంకె వైపు మనకే తెలియకుండా చెయ్యి సాగుతుంది.

నేను స్టెప్స్ పద్ధతినే రాయిస్తాను. క్లినిక్‌లో మొదటి కొలత ఎక్కువ రావడం మామూలే. ఆమె ఎండలో నడిచి వచ్చి ఉంటుంది, టోకెను కోసం నిలబడి ఉంటుంది, పక్కావిడతో మాట్లాడుతూ ఉంటుంది. కొలిచేటప్పుడు మాట్లాడినా, చెయ్యి గుండె ఎత్తుకి కిందకి వేలాడినా అంకె పెరుగుతుంది. అందుకని కనీసం ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలని అందరూ గైడులో రాస్తారు. కూర్చోబెట్టారో లేదో తెలిసేదెలా? ఫారంలో రెండు చిన్న గడులు పెట్టండి: కూర్చున్న సమయం, మొదటి కొలత తీసిన సమయం. ‘ఐదు నిమిషాలు కూర్చోబెట్టారా? అవును / కాదు’ అని అడిగితే అన్ని ఫారాల్లోనూ అవుననే వస్తుంది. గడియారం చూసి రాయమంటే రద్దీగా ఉన్న సోమవారం ఏం జరిగిందో ఆ గడులే చెబుతాయి.

సగటు దగ్గర ఇంకో చిన్న మెలిక ఉంది. రెండు కొలతలు 138, 141 అయితే సగటు 139.5. దాన్ని 140గా సవరిస్తే ఆ మనిషి గీత దాటేసినట్టు అవుతుంది. సవరించకుండా ఉన్నదున్నట్టే హద్దుతో పోల్చాలని గైడులో ఒక వాక్యం ఉంటే వాదన ఉండదు.

ఇక చివరి అంకె సంగతి. డయల్ ఉన్న పరికరంతో, స్టెతస్కోప్ పెట్టుకుని కొలిచేటప్పుడు చాలామంది చెయ్యి సున్నా దగ్గర ఆగుతుంది. 138 విన్నా 140 రాస్తారు, 88 విన్నా 90 రాస్తారు. రెండు పాయింట్ల తేడా వైద్యానికి పెద్దగా అడ్డు రాకపోవచ్చు. సర్వేకి మాత్రం ఇదే పెద్ద చిక్కు, ఎందుకంటే మన హద్దు సరిగ్గా సున్నా మీదే ఉంది. 136, 138 ఉన్నవాళ్ళు 140 దగ్గరికి జరిగి బీపీ లెక్కలోకి వస్తారు. 142, 144 ఉన్నవాళ్ళు 140కి దిగినా ఆ లెక్కలోనే ఉంటారు. అంటే పొరపాటు ఒక వైపుకే పోతుంది, శాతం పెరగడమే తప్ప తగ్గడం ఉండదు.

దీన్ని పట్టుకోవడం తేలిక. తొలి యాభై ఫారాలు రాగానే కొలతల చివరి అంకెలు లెక్కపెట్టండి. డిజిటల్ మిషను అంకెనే రాస్తే సున్నా నుంచి తొమ్మిది దాకా ఒక్కోటి సుమారు పదో వంతు ఉండాలి. రెండేసి గీతలున్న డయల్ అయితే 0, 2, 4, 6, 8 ఒక్కోటి అయిదో వంతు. సున్నాలే సగం ఉన్నాయంటే ఆ కొలతలు చదివినవి కావు, సవరించినవి. అప్పుడు ఎవరు తీసినవో చూడాలి. అందుకే ఫారంలో కొలిచినవారి కోడ్, మిషను నంబరు, కఫ్ సైజు, ఈ మూడూ ఉండాలంటాను. కఫ్ గడిని చాలామంది వదిలేస్తారు. లావుపాటి జబ్బకి మామూలు కఫ్ బిగిస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది. ‘1 మామూలు, 2 పెద్దది’ అని రాయడానికి క్షణం పట్టదు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది మాత్రల ప్రశ్న. నియమం ప్రకారం సగటు 140/90 కన్నా తక్కువ ఉన్నా, బీపీ మాత్ర వేసుకుంటున్నవాళ్ళు బీపీ ఉన్నవాళ్ళ కిందే లెక్క. కాబట్టి ఈ ఒక్క జవాబు తప్పితే తీర్పే తప్పుతుంది. ఒక క్లినిక్‌లో నర్సు అడుగుతుంటే పక్కనే కూర్చుని విన్నాను.

“పెద్దమ్మా, నీకు బీపీ ఉందా?”

“లేదమ్మా. పోయింది.”

“మాత్రలేమైనా వేసుకుంటున్నావా?”

“రోజూ పొద్దున్నే ఒకటి. అది మానితే మళ్ళీ వస్తదంట.”

మొదటి జవాబుతో ఆగిపోయి ఉంటే ఆమె ‘లేదు’ కింద పడిపోయేది. మాత్రతో అదుపులో ఉన్నవాళ్ళు తమకు బీపీ తగ్గిపోయిందనే అనుకుంటారు. వాళ్ళ వైపు నుంచి చూస్తే అందులో తప్పేం లేదు. ప్రశ్నే మారాలి. ‘డాక్టరు గానీ నర్సు గానీ ఎప్పుడైనా మీకు బీపీ ఎక్కువ ఉందని చెప్పారా?’ అన్నది మొదటిది. చెప్పారంటే, ‘గడిచిన రెండు వారాల్లో బీపీకి మాత్ర వేసుకున్నారా?’ అన్నది రెండోది. వీలైతే స్ట్రిప్ చూపించమనాలి. సంచిలో ఖాళీ స్ట్రిప్ పెట్టుకుని వచ్చేవాళ్ళు మన దగ్గర చాలామందే. ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ అని కనిపిస్తే పేరు ఉన్నది ఉన్నట్టు రాసుకోవాలి. ప్రొప్రనలాల్ లాంటిది కనిపిస్తే దేనికి ఇచ్చారో కూడా అడగాలి. దాన్ని మైగ్రేన్‌కీ, చేతుల వణుకుకీ కూడా ఇస్తారు. నెల క్రితం మానేసిన వాళ్ళని ఏం చేయాలి? రెండు వారాల నియమం ప్రకారం వాళ్ళ కోడ్ ‘2, లేదు’. వాళ్ళ తీర్పు ఆ రోజు కొలతల మీదే ఆధారపడుతుంది. ఇలాంటి సందేహం వచ్చిన ప్రతిసారీ గైడు వెనక పేజీలో తేదీ వేసి, తీసుకున్న నిర్ణయం రాసుకుంటే మళ్ళీ అదే సందేహం వచ్చినప్పుడు వేరే జవాబు ఇవ్వకుండా ఉంటాం.

ఇక్కడ కోడ్‌ల పని మొదలవుతుంది. బీపీ ఉందని ఎవరూ ఎప్పుడూ చెప్పని మనిషిని మాత్రల ప్రశ్న అడగం. ఆ గడిలో 8 రాస్తాం, ‘వర్తించదు’ అని. చెప్పారు గానీ ఏ మాత్రో, వేసుకుంటున్నారో లేదో తెలియలేదంటే 9, ‘తెలియదు’. ఖాళీ గడికి మాత్రం ఏ అర్థమూ లేదు. అడగడం మరిచారో, జవాబు రాలేదో, ఎక్కించేవాళ్ళ కన్ను జారిందో చెప్పలేం. అందుకే ఏ గడీ ఖాళీగా ఉండకూడదు.

కొలత తీయలేకపోయిన చోట ఏం రాయాలి? వయసుకి వాడినట్టే 99 వాడదామంటారు విద్యార్థులు. కింది అంకె 99 ఉన్న మనుషులు రోజూ ఓపీకి వస్తుంటారు! తెలియనిదానికి పెట్టే కోడ్ ఎన్నడూ నిజం కాలేని అంకె అయి ఉండాలి. బీపీకి 999 సరిపోతుంది. దాన్ని లెక్కలోకి పోనిచ్చినా సగటు అయిదు వందలు దాటి వెంటనే కనిపిస్తుంది. కనిపించకుండా ముంచేది మాత్రల గడిలోని 9. ఆర్‌లో లెక్క కట్టేవాళ్ళు ఈ రెండు వరసల్లో మొదటిది మరిచిపోతారు.

```
med[med == 9] <- NA
htn <- ifelse(sbp >= 140 | dbp >= 90 | med == 1, 1, 0)
```

మొదటి వరస లేకపోతే, బీపీ మామూలుగా ఉండి మాత్ర సంగతి తెలియని ప్రతి మనిషీ చప్పుడు లేకుండా 0 అయిపోతారు, అంటే ‘బీపీ లేదు’. ఉంటే వాళ్ళు `NA` గానే మిగులుతారు. 8 ఉన్నవాళ్ళు 0 కావడం మాత్రం సరైనదే. 8నీ 9నీ వేరు చేసి రాయమనేది ఇందుకే. `sbp`, `dbp` లలోని 999లను కూడా సగటు తీయకముందే `NA` చేసుకోవాలి.

ఇది క్లినిక్ సర్వే అని గుర్తుచేసే గడి ఇంకొకటి ఉంది: ఈ రోజు దేనికి వచ్చారు? 1 బీపీ చూపించుకోడానికీ మాత్రలకీ, 2 మరే కారణానికైనా. 240 ఫారాలు వచ్చాయనుకుందాం. బీపీ తేలినవాళ్ళు 110 మంది, అంటే 46 శాతం. వాళ్ళలో 50 మంది మాత్రల కోసమే వచ్చారని, ఆ పని మీద వచ్చినవాళ్ళు వాళ్ళేనని ఈ గడి చెబితే, మిగతా 190 మందిలో 60 మందికి బీపీ ఉన్నట్టు, అది 32 శాతం. రెండూ రాయాలి. రెండూ ఆ క్లినిక్‌కి వచ్చినవాళ్ళ లెక్కలే తప్ప ఊరి లెక్కలు కావు. అదే మనిషి రెండు వారాల తేడాతో రెండుసార్లు వస్తే రెండు ఫారాలు పడకుండా ఓపీ నంబరు చూసుకోవాలి.

ఒకే రోజు కొలిచి ఏ మనిషికీ జబ్బు ఉందని తేల్చలేం. సర్వే లెక్కకి ఆ నియమం చాలుతుంది, వైద్యానికి చాలదు. కాబట్టి ఫారం కింద చింపి ఇచ్చే చీటీ ఉండాలని పట్టుబడతాను. దాని మీద మూడు కొలతలూ రాసి, చివరి రెంటి సగటు 140/90 గానీ పైన గానీ ఉంటే మళ్ళీ ఏ రోజు రావాలో తేదీ వేసి ఇవ్వాలి. 180/110 దాటితే చీటీ చేతిలో పెట్టి పంపకుండా అప్పుడే డాక్టరు గదికి తీసుకెళ్ళాలి, మిగతా ప్రశ్నలు ఆగినా ఫరవాలేదు. ఆ ఫారంలో మిగిలిన గడుల్లో 9 రాసుకుంటాం.