టైల్స్ మేస్త్రీకి ఏ బండి?

డబుల్ క్యాబ్ పికప్‌ను షోరూమ్‌లో చూస్తే ఎవరికైనా ఒక నమ్మకం కలుగుతుంది. ముందు అయిదుగురు కూర్చోవచ్చు, వెనక తొట్టిలో సరుకు వేసుకోవచ్చు, ఒకే డబ్బుతో రెండు అవసరాలూ తీరిపోతాయని. నంద్యాలలో టైల్స్ కాంట్రాక్టులు చేసే మా బామ్మర్దికీ అలాగే అనిపించింది. "బావా, ఆరు రోజులు పని, ఆదివారం అమ్మనీ పిల్లల్నీ తీసుకొని ఊరికి పోవాల. రెండూ ఒక్క బండితోనే జరగాల. పికప్ తీసుకోనా, ఎస్‌యూవీనా?" అని అడిగాడు. అతని సంపాదనలో పెద్ద మొత్తం దీనికి పోతుంది కాబట్టి, తోచింది చెప్పేయకుండా కూర్చొని లెక్క వేశాం.

మొదట బరువు. ప్రతి బండికీ ఖాళీ బరువు ఒకటి, నిండా ఎక్కించాక దాటకూడని మొత్తం బరువు ఒకటి ఉంటాయి. మొత్తంలోంచి ఖాళీ బరువు తీసేస్తే వచ్చేది మనుషులూ సరుకూ కలిపి మోయగలిగిన బరువు. అమ్మేవాళ్లు చెప్పే "లోడు" మాటలో మనుషులు కలిశారా లేదా అన్నది అడిగి తెలుసుకోవాలి. ఏడు సీట్ల ఎస్‌యూవీ ఒకటి ఖాళీగా 1,600 కిలోలు, మొత్తం 2,150 అనుకుందాం. మిగిలింది 550. బామ్మర్దీ ఇద్దరు హెల్పర్లూ కలిసి 210 కిలోలు పోతే, సరుకుకు 340 ఉంటాయి.

ఇప్పుడు అతని సరుకు చూద్దాం. పదీ పన్నెండు అడుగుల గది అంటే 120 చదరపు అడుగులు. రెండడుగుల పలకలు నాలుగుండే డబ్బా పదహారు అడుగులకు సరిపోతుంది, బరువు దాదాపు 28 కిలోలు తూగుతుంది. ఎనిమిది డబ్బాలు 224 కిలోలు. అడెసివ్ ఇరవై కిలోల బస్తాలు మూడు, అరవై. కట్టర్, మిక్సర్, బక్కెట్లు, లెవెల్ పట్టీలు కలిపి నలభై. మొత్తం 324. కాగితం మీద ఎస్‌యూవీకి సరిపోయినట్టే ఉంది. కానీ వెనక సీట్లు మడిచి వేసిన ఆ బరువులో ఎక్కువ భాగం వెనక ఇరుసు మీదే పడుతుంది, ఆ ఇరుసుకు దాని సొంత పరిమితి వేరే ఉంటుంది. అది దాటినట్టు బండే చెబుతుంది. హెడ్‌లైట్ల వెలుగు ఎదుటివాళ్ల కళ్లలోకి లేస్తుంది, స్టీరింగ్ తేలికైపోతుంది, చిన్న గుంతలో పడినా వెనక రబ్బరు దిమ్మ టప్పున తగులుతుంది.

పసుపు బోర్డు పికప్‌కు ఈ బెంగ లేదు. బొలెరో క్యాంపర్ లాంటి డబుల్ క్యాబ్ సుమారు టన్ను మోస్తుంది. అయితే తెల్ల బోర్డుతో సొంత బండిగా రిజిస్టరయ్యే పికప్‌లు వేరు. మన శ్రీసిటీలోనే తయారయ్యే ఇసుజు వి-క్రాస్ ఆ రకం. చూడడానికి అదే ఆకారం, అదే తొట్టి. కానీ ఇలాంటి వాటి మీద రాసి ఉండే లోడు, పసుపు బోర్డు బండ్ల లోడు కంటే చాలా తక్కువ. తొట్టి ఎంత పెద్దదో చూసి సరుకు ఎంత పడుతుందో అంచనా వేయకూడదు.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది ఇన్సూరెన్స్ కాగితం. సొంత కారు పాలసీలో వాడకానికి హద్దులు అనే పేరా ఒకటి ఉంటుంది. నమూనాలూ సొంత లగేజీ తప్ప సరుకు రవాణాకు ఈ బండి వాడితే వర్తించదని అందులో ఉంటుంది. అంటే తెల్ల బోర్డు బండిలో, అది ఎస్‌యూవీ అయినా పికప్ అయినా, కస్టమర్ ఇంటికి టైల్స్ తోలుతుండగా ప్రమాదం జరిగితే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. గూడ్స్ బండికి ఆ ఇబ్బంది లేదు, దాని చిక్కు కుటుంబం దగ్గర. గూడ్స్ బండిలో ఊరికే ఎక్కించుకున్న ప్రయాణికులకు పరిహారం కట్టే బాధ్యత ఇన్సూరెన్స్ కంపెనీది కాదని సుప్రీంకోర్టు ఆశారాణి కేసులో తేల్చింది. సరుకు యజమాని, లేదా అతని తరఫు మనిషి బండిలో ఉంటే వాళ్లకు రక్షణ ఉంటుంది. అమ్మా పిల్లలూ ఆ లెక్కలోకి రారు. డబుల్ క్యాబ్‌కు ఆర్‌సీలో అయిదు సీట్లు రాసి ఉన్నా, వెనక కూర్చున్నవాళ్లకు కవర్ ఉందా లేదా అన్నది కంపెనీని అడిగి, డబ్బు కట్టి, పాలసీలో రాయించుకోవాలి. ఏజెంట్ నోటిమాట చాలదు.

జీఎస్‌టీ కట్టే కాంట్రాక్టర్‌కు మాత్రం పికప్ వైపు ఒక లాభం ఉంది. ఎస్‌యూవీ కొన్నప్పటి పన్ను సాధారణంగా క్రెడిట్‌గా తిరిగి రాదు. సరుకు రవాణా బండికి, వ్యాపారానికి వాడినంత మేర వస్తుంది.

ఇక వెనక సీటు. పికప్ వెనక కమాన్ పట్టీలు టన్ను బరువు కోసం కట్టినవి. ఖాళీగా ఉంటే అవి వంగవు, గుంత దెబ్బ నేరుగా సీటుకు వస్తుంది. వెనకే తొట్టి గోడ ఉంటుంది కాబట్టి సీటు వీపు నిటారుగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న అత్తగారు అందులో రెండు గంటలు కూర్చోవాలంటే కష్టం. కొంత ఉపశమనం టైర్ల గాలిలో ఉంది. డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఖాళీకీ లోడుకూ వేర్వేరు అంకెలుంటాయి. శనివారం సాయంత్రం వెనక టైర్లను ఖాళీ అంకెకు దించి, సోమవారం సరుకు ఎక్కించే ముందు తిరిగి కొట్టించాలి. చాలామంది ఏడాదంతా లోడు గాలితోనే తిప్పి, బండి ఎగురుతోందని వాపోతారు. భద్రత సంగతీ ఉంది. 2023లో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్ష ప్రయాణికుల బండ్లకే, గూడ్స్ పికప్‌కు ఆ స్టార్లు చూసి పోల్చుకునే వీలే లేదు.

ఎస్‌యూవీలో పనిముట్లు పెడితే ప్రమాదం ఇంకో రూపంలో ఉంటుంది. యాభై కిలోమీటర్ల వేగంలో గుద్దుకుంటే పది కిలోల కట్టర్ తన బరువుకు ఇరవై రెట్ల బలంతో ముందుకు వస్తుంది. సీటు వెనక ఇనుప జాలీ బిగించి, పనిముట్ల పెట్టెను నేలకు కట్టిన తర్వాతే ఆ బండిలో హెల్పర్లనైనా ఎక్కించుకోవాలి.

ఇంతా అయ్యాక బామ్మర్దిని ఒక నెలపాటు ఏ రోజు ఏం మోశాడో రాయమన్నాను. రాసి తెచ్చాక చూస్తే, పెద్ద సరుకంతా షాపువాళ్ల ట్రాలీ ఆటోలోనే నేరుగా సైటుకు వెళ్తోంది. అతను రోజూ తీసుకెళ్తున్నది పనిముట్లూ హెల్పర్లే. మధ్యలో తక్కువపడిన డబ్బాలు తెచ్చిన రోజులు కొన్నే, వాటికి ఆటో కిరాయి ఇచ్చుకోవచ్చు. అందుకే జాలీ బిగించిన ఎస్‌యూవీ తీసుకోమన్నాను. పనిముట్లు తీసుకెళ్లే సంగతి కూడా ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి, జవాబు రాతలోనే తెప్పించుకోమన్నాను. వారంలో సగానికి పైగా రోజులు రెండు మూడొందల కిలోల సరుకు తనే తోలుకునేవాడైతే, వెనక సీటుకు కవర్ రాయించి పసుపు బోర్డు డబుల్ క్యాబ్ కొనమనేవాణ్ని.

అతను వచ్చే ఏడాది గ్రానైట్ పని కూడా ఒప్పుకుంటానంటున్నాడు. గ్రానైట్ చదరపు అడుగుకు నాలుగున్నర కిలోలు తూగుతుంది, పలకల్ని ఇనుప స్టాండుకు ఆనించి నిలబెట్టి తోలాలి. దానికి ఎస్‌యూవీ పనికిరాదు. ఆ పని ఖాయమయ్యేలా ఉంటే ఇప్పుడే బండి కొనకుండా ఆగమని చెప్పాను.