తప్పు సమాధానానికీ ఒక న్యాయం

మనామాలో పనిచేసే కోనసీమ మనిషికి అమలాపురంలో ఉన్న ఇల్లు అమ్మాల్సి వస్తుంది. సెలవు దొరకదు. అక్కడి భారత రాయబార కార్యాలయానికి వెళ్లి, అధికారి ఎదుట సంతకం చేసి, తమ్ముడి పేర జీపీఏ రాసి పంపిస్తాడు. తమ్ముడు ఆ కాగితం పట్టుకుని కొనేవాళ్లతో అగ్రిమెంటు రాసుకుంటాడు, డబ్బు తీసుకుంటాడు, తాళాలు ఇస్తాడు. రిజిస్ట్రేషన్ మాత్రం అన్న వచ్చాక చూద్దామంటాడు. బహ్రెయిన్‌లో ఉన్న తెలుగువాళ్లకు ఇది ఇంటి విషయమే. ఆస్తి చట్టం మీద ప్రశ్న తయారుచేసేవారికి మాత్రం ఇందులో నాలుగైదు చట్టాలు ఒకదానికొకటి పెనవేసుకుని కనిపిస్తాయి.

లా పట్టా చేతికొచ్చిన వాళ్లు భారత్‌లో ప్రాక్టీసు కొనసాగించాలంటే ఆలిండియా బార్ పరీక్ష గట్టెక్కాలి. 2011 మార్చిలో మొదలైన ఈ పరీక్ష చెల్లుతుందని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2023 ఫిబ్రవరి 10న తీర్పు చెప్పింది. ఇందులో 100 ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు ఆప్షన్లు. తెలుగులోనూ రాయవచ్చు. వ్యాఖ్యానం లేని మూల చట్టాల పుస్తకాన్ని, అంటే బేర్ యాక్టును, హాల్లోకి తీసుకెళ్లనిస్తారు. ప్రశ్న రాసేవాడి పనిని మార్చేసేది ఈ చివరి సంగతే. సెక్షన్ నంబరు అడిగితే అభ్యర్థి పేజీ తిప్పి చూసుకుంటాడు. పుస్తకం తెరిచి ఉన్నా తప్పు చేయగల చోటేదో వెతకాలి. ఆ చోటు చాలాసార్లు ప్రశ్నలో కాదు, తప్పు ఆప్షన్లలో ఉంటుంది.

ఒక ప్రశ్ననే చివరిదాకా పట్టుకుని చూద్దాం. కథ ఇది.

మనామాలో ఉంటున్న వెంకటేశ్వర్లు 2020లో భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరణ చేయించి, అమలాపురంలోని తన ఇంటిని అమ్మే అధికారంతో తమ్ముడికి జీపీఏ పంపాడు. అది భారత్‌కు చేరిన మూడు నెలల్లోపే స్టాంపు డ్యూటీ కట్టారు. 2021 ఏప్రిల్‌లో తమ్ముడు ఆ ఇంటిని 20 లక్షలకు అమ్మేందుకు సూర్యకుమారితో అగ్రిమెంటు రాసి, 18 లక్షలు తీసుకుని, ఇల్లు స్వాధీనం చేశాడు. 2022 మార్చి 31లోగా సేల్ డీడ్ రాసివ్వాలని షరతు. అగ్రిమెంటు రిజిస్టరు కాలేదు. దాని మీద చెల్లించాల్సిన స్టాంపు డ్యూటీ, పెనాల్టీ తర్వాత చెల్లించారు. 2022 ఆగస్టులో వెంకటేశ్వర్లు ఇల్లు ఖాళీ చేయించమని దావా వేశాడు. మిగతా 2 లక్షలు ఇవ్వడానికి సూర్యకుమారి మొదటి నుంచీ సిద్ధంగానే ఉంది. ఆస్తి బదిలీ చట్టం 53ఏ సెక్షన్‌ను అడ్డుపెట్టుకుని ఆమె ఇంటిని నిలబెట్టుకోగలదా?

ఎ) నిలబెట్టుకోగలదు. రాతపూర్వక ఒప్పందం, స్వాధీనం, చెల్లింపు, మిగతాది ఇచ్చే సంసిద్ధత అన్నీ ఉన్నాయి.

బి) నిలబెట్టుకోలేదు. జీపీఏ ద్వారా జరిగిన స్థిరాస్తి లావాదేవీలు చెల్లవని సుప్రీంకోర్టు తేల్చింది.

సి) నిలబెట్టుకోలేదు. అగ్రిమెంటు రిజిస్టరు కాలేదు. అయితే దాన్నే సాక్ష్యంగా చూపి సేల్ డీడ్ కోసం తాను దావా వేయవచ్చు.

డి) నిలబెట్టుకోగలదు. రిజిస్టరు కాని పత్రాన్ని పాక్షిక నిర్వహణకు సాక్ష్యంగా తీసుకోవచ్చని రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్ చెబుతోంది.

సరైన సమాధానం సి. ఇది రాయడానికి పది నిమిషాలు చాలు. మిగతా మూడూ రాయడానికే ఒక పూట పడుతుంది.

ముందుగా ఎ. ఒప్పందం ప్రకారం స్వాధీనం పొంది, తన వంతు నెరవేర్చిన లేదా నెరవేర్చడానికి సిద్ధంగా ఉన్న కొనుగోలుదారును యజమాని వెళ్లగొట్టకుండా 53ఏ కాపాడుతుంది. ఈ ఆప్షన్ ఇచ్చిన కారణంలో అబద్ధం ఒక్కటీ లేదు. చెప్పిన నాలుగు విషయాలూ కథలో ఉన్నాయి, ఆ నాలుగూ సెక్షన్‌లోనూ ఉన్నాయి. అభ్యర్థి బేర్ యాక్టులో 53ఏ తీసి ఒక్కో షరతుకూ టిక్కు పెట్టుకుంటూ పోతే అన్నీ సరిపోతాయి. లేనిదల్లా రిజిస్ట్రేషన్. ఆ షరతు 53ఏ పేజీలో కనపడదు. రిజిస్ట్రేషన్ చట్టంలోని 17(1ఏ)లో ఉంది. 2001లో చేసిన సవరణ 53ఏ నుంచి కొన్ని మాటలు తీసేసి, ఆ చట్టంలో ఈ కొత్త ఉపసెక్షన్ చేర్చింది. 2001 సెప్టెంబరు 24 నుంచి 53ఏ రక్షణ కోరే ఒప్పందం రిజిస్టరై తీరాలి. ఒకే పుస్తకం చదివి లేచినవాడు ఎ గుర్తు పెడతాడు. రెండో పుస్తకం కూడా తెరవాలని తెలిసినవాడు ఆగుతాడు.

డి ఇంకా సూక్ష్మం. అది చెప్పింది ఒకప్పుడు అక్షరాలా చట్టమే. 49వ సెక్షన్ మినహాయింపులో, రిజిస్టరు కాని పత్రాన్ని 53ఏ కింద పాక్షిక నిర్వహణకు సాక్ష్యంగా తీసుకోవచ్చన్న మాటలు ఉండేవి. ఆ 2001 సవరణే వాటినీ కొట్టేసింది. సేల్ డీడ్ రాసివ్వమని వేసే దావాలో ఒప్పందానికి సాక్ష్యంగా వాడుకోవచ్చన్న భాగం మాత్రం మిగిలింది. సి ఆప్షన్ రెండో వాక్యానికి ఆధారం ఆ మిగిలిన భాగమే. అంటే సి, డి రెండూ ఒకే సెక్షన్ నుంచి పుట్టాయి. పాత పుస్తకంతో, సీనియర్లు ఇచ్చిన పాత నోట్సుతో చదివినవాడికి డి నోటికొచ్చిన పాఠంలా వినిపిస్తుంది. చట్టంలోంచి కొట్టేసిన మాటలు మనుషుల జ్ఞాపకంలోంచి అంత త్వరగా పోవు. తప్పు ఆప్షన్‌కు అంతకంటే మంచి పునాది దొరకదు.

బి వేరే దారిలో వస్తుంది. తేల్చిన ఫలితం సరైనదే, చెప్పిన కారణం తప్పు. 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు, కొనేవాడి పేరనే జీపీఏ రాసి, ఓ వీలునామా జతచేసి, దాన్నే అమ్మకంగా చలామణీ చేసే పద్ధతి హక్కును బదిలీ చేయదని చెప్పింది. అదే తీర్పులో, తోబుట్టువుకో బిడ్డకో నిజంగా పని అప్పగిస్తూ రాసే జీపీఏకు ఇబ్బంది లేదనీ వివరించింది. జనం నోట మాత్రం ఆ తీర్పు కుంచించుకుపోయి ‘జీపీఏ అమ్మకాలు చెల్లవు’ అన్న మూడు మాటలుగా మిగిలింది. బహ్రెయిన్ నుంచి వచ్చిన కాగితం అనగానే అనుమానం పుట్టేవాళ్లు, తీర్పును వార్తల్లో విన్నవాళ్లు బి వైపు మొగ్గుతారు. అన్న తమ్ముడికి ఇచ్చాడన్న వివరం కథలో ఊరికే లేదు. బిని పడగొట్టేది అదే.

ఇలాంటి ఆప్షన్లు రాసేటప్పుడు నేను ప్రతిదానికీ ఒకే పరీక్ష పెడతాను. కథలో ఏ ఒక్క వివరం మారిస్తే ఈ తప్పు ఒప్పవుతుంది? అగ్రిమెంటు రిజిస్టరై ఉంటే ఎ ఒప్పు. అగ్రిమెంటు 2001 ఆగస్టు నాటిదైతే డి ఒప్పు. సూర్యకుమారి పేరనే జీపీఏ రాసి దాన్నే అమ్మకమనుకుంటే బి చెప్పే కారణానికి బలం వస్తుంది. ఈ ప్రశ్నకు జవాబు దొరకని ఆప్షన్ దండగ. మొదటి చిత్తులో నేను ‘జీపీఏ మనామాలో రాశారు కాబట్టి బహ్రెయిన్ చట్టం వర్తిస్తుంది’ అని ఒకటి రాసి కొట్టేశాను. స్థిరాస్తి ఎక్కడుంటే అక్కడి చట్టమే వర్తిస్తుందన్నది మొదటి ఏడాది విద్యార్థికీ తెలుసు. ఏ ఒక్క వివరం మార్చినా, అమలాపురంలోని ఇంటిని అది మనామాకు తీసుకెళ్లలేదు. దాన్ని ఎవరూ ఎంచుకోరు, ప్రశ్నకు మూడే ఆప్షన్లు మిగులుతాయి.

దీనికి అవతలి ప్రమాదం, తప్పు ఆప్షన్ నిజంగానే ఒప్పు కావడం. ఆంధ్రప్రదేశ్‌లో స్వాధీనం అప్పగించిన అగ్రిమెంటుకు సేల్ డీడ్ లెక్కన స్టాంపు డ్యూటీ పడుతుంది. అది కట్టకపోతే ఆ కాగితం ఏ పనికీ సాక్ష్యంగా చెల్లదు. కథలో డ్యూటీ, పెనాల్టీ కట్టారన్న వాక్యం లేకపోతే సి కూలిపోతుంది. బాగా చదివినవాడే ముందుగా ఆ చిల్లును చూసి, సరైన జవాబే లేదని ఆగిపోతాడు. విదేశంలో రాసిన జీపీఏకు భారత్ చేరాక మూడు నెలల గడువు ఉన్న సంగతి కథలో చెప్పడమూ అందుకే. 2022 ఆగస్టు తేదీ కూడా అంతే. సేల్ డీడ్ కోరే దావాకు గడువు ఒప్పుకున్న తేదీ నుంచి మూడేళ్లు కాబట్టి, ఆ రోజుకు సూర్యకుమారి హక్కు బతికే ఉంది.

భాష కూడా జవాబును బయటపెట్టేస్తుంది. నా మొదటి తెలుగు ప్రతిలో ఒక ఆప్షన్‌లో స్వాధీనం బదులు కబ్జా అని పడింది. పాత దస్తావేజుల్లో అది మామూలు మాటే. నేటి చెవికి మాత్రం అది దౌర్జన్యం. చట్టం తెలియనివాడు కూడా ఆ ఆప్షన్‌ను పక్కన పెట్టేస్తాడు. నాలుగింటిలోనూ ఒకటే మాట ఉండాలి. సరైనది ఒక్కటే పొడవుగా, షరతులతో ఉండి, తక్కినవి పొట్టిగా ఉన్నా అదే జరుగుతుంది. అందుకే రెండు ‘గలదు’, రెండు ‘లేదు’ పెట్టి, ప్రతిదానికీ ఒక కారణం ఇచ్చాను. ఫలితం మాత్రమే తెలిసినవాడు సగం దాకా వస్తాడు, కారణం తెలిసినవాడే చివరిదాకా వస్తాడు.

పరీక్ష అయ్యాక ఆప్షన్ల పనితనం లెక్కల్లో తేలుతుంది. నూటికి అయిదుగురైనా ఎంచుకోని తప్పు ఆప్షన్ పనిచేయలేదని ప్రశ్నల శాస్త్రంలో వాడుక. అంతకంటే చెడ్డ గుర్తు ఇంకొకటి ఉంది. మొత్తం మార్కుల్లో ముందున్నవాళ్లు ఒక తప్పు ఆప్షన్ వైపు పోయి, వెనకున్నవాళ్లు సరైనది పట్టుకుంటే, లోపం వాళ్లలో లేదు. కథలో ఎక్కడో చిల్లుంది, తెలివైనవాళ్లే దాన్ని చూశారు. అలాంటి ప్రశ్నను లెక్కలోంచి తీసేయడమే న్యాయం.

మంచి తప్పు ఆప్షన్ ఊహలోంచి రాదు. అది ఎవరో ఒక మనిషి నిజంగా నమ్మే మాట అయి ఉండాలి. ‘డబ్బు కట్టాను, ఇంట్లోనే ఉన్నాను, నన్నెవరు కదుపుతారు’ అని సూర్యకుమారి లాయరు దగ్గరికి వచ్చి కూర్చున్నప్పుడు, ఆమె చెప్పేది అచ్చంగా ఎ ఆప్షనే. ఎ గుర్తు పెట్టే లాయరు ఆమెకు ధైర్యం చెప్పి పంపిస్తాడు. సేల్ డీడ్ కోసం దావా వేయమని చెప్పడు. 2025 మార్చి 31 దాటిపోతుంది. 53ఏ అప్పటికే లేదు, ఇక సేల్ డీడ్ అడిగే హక్కూ ఉండదు. సి గుర్తు పెట్టే లాయరు ఆమె చేతిలోని ఆ కాగితంతోనే, అదే వారం దావా సిద్ధం చేస్తాడు.