పగడంలో గీతలు వెతకాలి

పిడుగురాళ్ల బట్టీల్లో కాలే రాయి, నరసరావుపేట బంగారు కొట్లో ఎర్రగా మెరిసే పగడం రసాయనశాస్త్రం లెక్కలో ఒకటే. రెండూ కాల్షియం కార్బొనేటే. ఒకటి కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పేరుకున్న బురద. రెండోది సముద్రం అడుగున చిన్న చిన్న జీవులు తమ కోసం కట్టుకున్న ఎముక. పల్నాడు వాళ్లం సున్నపురాయి మీదే పుట్టి పెరిగాం కాబట్టి పగడం గురించి మాట్లాడే అర్హత మనకు కాస్త ఎక్కువే ఉందని నా నమ్మకం. పగడాన్ని పరీక్షించడానికి జనం చెప్పుకునే చిట్కాల్లో సగం ఈ ఒక్క సంగతి గుర్తుంటే వీగిపోతాయి.

మొదటి చిట్కా నిమ్మకాయ. పగడం మీద నిమ్మరసం చుక్క వేస్తే బుడగలు వస్తాయి, వస్తే అసలుదంటారు. బుడగలు వస్తాయి, నిజమే. పులుపు తగిలితే సున్నపురాయి ఏదైనా బుడగలు కక్కుతుంది. దాచేపల్లి నాపరాయి మీద వేసినా వస్తాయి. గాజు మీద, ప్లాస్టిక్ మీద రావు. అంటే నిమ్మకాయ పట్టించేది గాజునూ ప్లాస్టిక్‌నూ మాత్రమే. పైగా చుక్క పడిన చోట మెరుపు పోయి చిన్న గుంట మిగులుతుంది. పరీక్ష పేరుతో సరుకును పాడుచేసుకోవడమే ఇది.

రెండోది పసుపు. పసుపుకొమ్ము మీద పగడాన్ని రుద్దితే, ఎర్రబడితే నకిలీ, లేకపోతే అసలు అని. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా వస్తుంది కదా, ఈ చిట్కా అక్కడినుంచే పుట్టి ఉంటుంది. కానీ పారాణిలో వేసేది బట్టీలో కాల్చి నీళ్లు చల్లిన సున్నం. పగడం కాలని రాయి. అసలు పగడమూ, రంగు వేసిన పగడమూ రెండూ కాలని రాళ్లే, కాబట్టి పసుపు దగ్గర వాటి మధ్య తేడా కనపడదు. పాలల్లో వేస్తే పాలు గులాబీరంగుకు తిరగడం మంచి పగడానికి గుర్తు అనే మాట ఇంకా అన్యాయం. మంచి పగడంలో రంగు ఆ ఎముక లోపలే కలిసి ఉంటుంది, పాలలోకి దిగదు. పాలు ఎర్రబడ్డాయంటే దిగింది అద్దకపు రంగు.

మరి దేన్ని నమ్మాలి? దానికి ముందు ఏది ఏదో తెలియాలి.

మన ఉంగరాల్లోకి, సూత్రాల తాళ్లలోకి వచ్చే మంచి పగడం అనాదిగా మధ్యధరా సముద్రంనుంచే వచ్చింది. రోమన్లు మన ముత్యాలను ఎంత అపురూపంగా చూసుకున్నారో, భారతీయులు పగడాన్ని అంత అపురూపంగా చూస్తారని మొదటి శతాబ్దంలోనే ప్లినీ రాశాడు. 1244లో కాకతీయ గణపతిదేవుడు మన తీరంలోని మోటుపల్లిలో వేయించిన శాసనంలో సుంకం కట్టాల్సిన సరుకుల మధ్య పగడాలూ ఉన్నాయి. ఇప్పటికీ ఇటలీలో నేపుల్స్ పక్కనున్న టోర్రె దెల్ గ్రెకో ఊరు పగడం చెక్కడానికి పేరుమోసింది. ఇంకో రకం జపాన్, తైవాన్ వైపు లోతు నీళ్లలో దొరుకుతుంది, ముదురు ఎరుపు. ఈ మధ్యధరా పగడం కొమ్మ ఏడాదికి అర మిల్లీమీటరు కూడా లావెక్కదు. అంటే చిటికెనవేలి లావు కొమ్మ కావాలంటే దశాబ్దాలు పడుతుంది. పెద్దది, మచ్చలేనిది, ఒకే రంగుది ఎందుకంత ఖరీదో, అలాంటిది చవగ్గా ఇస్తామంటే ఎందుకు ఆగి ఆలోచించాలో ఇక్కడే తెలుస్తుంది.

ఈ మంచి పగడం చోటుకు వచ్చే సరుకుల్లో గట్టి పోటీదారు వెదురు పగడం. ఇది కూడా సముద్రంలో పెరిగేదే, గణుపులు గణుపులుగా ఉంటుంది, అసలు రంగు తెలుపో బూడిదో. దాన్ని ఎర్రరంగులో నానబెట్టి అమ్ముతారు. కొట్లో మనిషి “సముద్రంలో దొరికిన పగడమేనండీ” అంటే అది అబద్ధం కాదు. మనం అడగాల్సిన ప్రశ్న అది కాదు, “రంగు వేశారా?” అని. రెండో రకం పొడి పగడం: పగడం ముక్కల పొడినో, ఒట్టి సున్నపురాయి పొడినో రంగు కలిపిన జిగురుతో అచ్చుపోసి గట్టిపరిచినది. ఆ పొడి మన బట్టీల దగ్గర దొరికే రకమే అయినా ఆశ్చర్యం లేదు. ఇక గాజు, ప్లాస్టిక్‌ల సంగతి పట్టుకున్నప్పుడే తెలిసిపోతుంది. గాజుకు సూది గీత పడదు, భూతద్దంలో లోపల గాలిబుడగలు కనపడతాయి. ప్లాస్టిక్ చేతిలో తేలిగ్గా ఉంటుంది.

మా పిన్ని గురజాల నుంచి మూడు పొట్లాలు పట్టుకొచ్చింది. ఒకదానిలో వాళ్ల అత్తగారి సూత్రాల్లోంచి తీసిన రెండు పగడాలు, వెలిసి సుద్దలా అయిపోయాయి. రెండోదానిలో కుజదోషానికని కొత్తగా కొన్న 8 క్యారెట్ల రాయి, నిగనిగలాడే ఎరుపు. మూడోదానిలో మనవరాలికి కొన్న దండలోంచి విప్పిన కొన్ని పూసలు. “పాతవి రంగు పోయాయి, అవి అప్పటి మోసం అయ్యుంటాయి, కొత్తది చూడు ఎంత బాగుందో” అంది. తెలిసిన కంసాలి దగ్గరికి వెళ్లాం. ఆయన ముందు త్రాసు తీశాడు.

త్రాసు పరీక్ష ఎవరైనా చేయొచ్చు, గ్రాములో నూరో వంతు చూపించే చిన్న కాటా ఉంటే చాలు. రాయిని మామూలుగా ఒకసారి తూచాలి. తర్వాత గ్లాసుడు నీళ్లు కాటా మీద పెట్టి సున్నా చేసి, రాయిని సన్నటి దారంతో కట్టి నీళ్లలో పూర్తిగా ముంచాలి, అడుగుకు గానీ పక్కలకు గానీ తగలకూడదు, బుడగ అంటుకోకూడదు. అప్పుడు కాటా చూపించే అంకెతో మొదటి బరువును భాగిస్తే వచ్చేది సాంద్రత. పగడానికి అది 2.6, 2.7 మధ్య ఉండాలి. అత్తగారి పగడాలు రెండూ కలిపి 1.07 గ్రాములు, నీళ్లలో 0.40, అంటే దాదాపు 2.68. దండ పూసలు 3.10, నీళ్లలో 1.52, 2.04 దగ్గర ఆగింది. జిగురు తేలిక కదా, ఎంత రాతిపొడి కలిపినా రాయంత బరువు రాదు. దండ పొడి పగడమని అక్కడే తేలిపోయింది. భూతద్దంలో చూస్తే ఒక్క గీత లేదు, పొడిపొడిగా ఒకే తీరు. కాల్చిన సూది మొనను కన్నం దగ్గర ఆనిస్తే ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. సూదిని అనుమానం ఖాయమైన పూసకే వాడాలి, మంచిదాని మీద వద్దు.

కొత్త రాయి 1.60 గ్రాములు, నీళ్లలో 0.61. అంటే 2.62. పిన్ని ముఖం వెలిగింది. కానీ త్రాసుకు తెలిసేది అది సున్నపు రాయా కాదా అన్నంతవరకే. వెదురు పగడం బరువూ ఇంచుమించు అంతే. ఈ పరీక్ష చిన్న రాయి దగ్గర తడబడుతుంది కూడా: అర గ్రాము రాయికి నీళ్లలో వచ్చే అంకె 0.19 దగ్గర ఉంటుంది, అక్కడ నూరో వంతు తేడా వస్తే లెక్కంతా మారిపోతుంది. బంగారంలో బిగించిన రాయికైతే పనికేరాదు.

అప్పుడు కంసాలి పది రెట్లు చూపే భూతద్దం పిన్ని చేతికిచ్చి, “గీతలు చూడండమ్మా” అన్నాడు. మంచి పగడంలో కొమ్మ పొడుగునా సన్నటి గీతలుంటాయి, టేకు చెక్కలో నార కనపడ్డట్టు. మిల్లీమీటరుకు రెండు నుంచి నాలుగు. వెదురు పగడంలో గీతలు ముతక, మిల్లీమీటరుకు ఒకటి చొప్పున, భూతద్దం లేకపోయినా కొన్నిసార్లు కంటికే కనపడతాయి. పొడిలో, గాజులో, ప్లాస్టిక్‌లో గీతలే ఉండవు. అత్తగారి పగడాలను పక్కనుంచి చూస్తే గీతలు సన్నగా ఉన్నాయి. కొత్తరాయిలో ముతకగా, పైగా ఎరుపు గీతల్లో, వెంట్రుకవాసి పగుళ్లలో గూడుకట్టి ఉంది. మంచి పగడంలో పగులు ఉన్నా రంగు పగుల్లో చిక్కబడదు. గోళ్లరంగు తుడిచే అసిటోన్‌ను దూదికి అద్ది రాయి వెనకవైపు రుద్దితే దూది గులాబీరంగుకు తిరిగింది. ఇక చెప్పాల్సిందేమీ లేకపోయింది.

దూదికి రంగు అంటితే రంగు వేసినట్టే. అంటకపోతే మాత్రం వేయలేదని తీర్మానించకూడదు. కొన్ని రంగులు అసిటోన్‌కు కరగవు, కొందరు పైన జిగురు పూత వేస్తారు. అందుకే గీతలను ముందు చూడాలి, దూది ఆ తర్వాత. గీతలూ సన్నగా ఉండి, దూదీ తెల్లగా ఉండి, ఇంకా అనుమానంగా ఉంటే, లేత రంగు మంచి పగడానికే ఎరుపు ఎక్కించి ఉండొచ్చు. దాన్ని ఇంట్లో పట్టుకోలేం. జైపూర్‌లో ఉన్నటువంటి రత్నపరీక్షా కేంద్రాలు లేజర్ కాంతితో లోపలి రంగు ఏ పదార్థమో చూసి చెబుతాయి. పెద్ద డబ్బు పెట్టేటప్పుడు ఆ కాగితం మీద రంగు సహజమని రాసి ఉందో లేదో చదవాలి. ఉత్త ‘పగడం’ అని ఉంటే వెదురు పగడానికీ ఆ మాట సరిపోతుంది.

పిన్ని అడిగిన ఇంకో సంగతి తెల్ల మచ్చ. తెల్లమచ్చ ఉంటే నకిలీ అంటారు. జపాన్ రకం ముదురెరుపు పగడంలో కొమ్మ మధ్యన తెల్లటి గర్భం సహజంగానే ఉంటుంది, ఉంగరపు రాయి వెనకవైపు అది తొంగిచూస్తుంది. నాణ్యతలో దాన్ని ఒక మెట్టు తగ్గించి ధర కట్టాలే గానీ నకిలీ అనకూడదు. మధ్యధరా రకంలో ఆ తెలుపు ఉండదు. నాణ్యత అంటే రంగు అంతా ఒకేలా ఉండటం, పురుగు తొలిచినట్టున్న గుంతలు లేకపోవడం, ఆ గుంతలను మైనంతో పూడ్చి దాచకపోవడం. రంగు మాత్రం లేతదైనా ముదురుదైనా ఎవరి ఇష్టం వాళ్లది. నా వరకు చిన్న గుంత ఉన్న మంచి పగడమే, నున్నటి అద్దకం కంటే మేలు. జ్యోతిషం దాన్ని ఒప్పుకోదంటారు, ఆ తగాదా నాకు అక్కర్లేదు.

ఇంతకీ పాతవాటికి రంగు పోయిందన్న పిన్ని మాట? పోయింది రంగు కాదు, పై పొర. ఏళ్ల తరబడి తగిలిన చెమట, దానిమీద మన చింతపండు. సూత్రాలను చింతపండు పెట్టి తోమే అలవాటు మన ఇళ్లలో ఉంది, బంగారానికి అది మంచిదే. కానీ పగడానికి అది నిమ్మకాయ పరీక్షను నెలకోసారి చేసినట్టు. కంసాలి ఒక పూసను మెత్తటి సాన మీద కొద్దిగా రుద్దేసరికి లోపలినుంచి ఎరుపు తేలింది. రంగు వేసినదైతే అలా అరగదీసేకొద్దీ తెలుపు బయటపడేది. సూత్రాలు తోమాలంటే పగడాలు తీసి పక్కన పెట్టండి, వాటికి తడిబట్ట చాలు. కంసాలి అతుకు పెట్టేటప్పుడు మంట తగిలినా పగడం చెడిపోతుంది, ముందే తీయించండి. పసుపుతాడు మార్చుకునేటప్పుడు పూస ఎలాగూ చేతికొస్తుంది, కన్నం లోపలికి ఒకసారి చూడండి. లోపలి గోడ తెల్లగా ఉండి పైన ఎర్రగా ఉంటే, లేదా కన్నం అంచున ఎరుపు చిక్కగా పేరుకుని ఉంటే, దాన్ని కొన్న చోటికి తీసుకెళ్లి అడగడానికి ఇంక వేరే పరీక్ష అక్కర్లేదు.