అయిదు నడుస్తోంది, పేపర్లు పెట్టవచ్చా?

అమీర్‌పేటలో కోర్సుకు ఫీజు కట్టే ముందు అందరూ అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. డెమో క్లాస్ ఎప్పుడు, చెప్పేది ఎవరు, బ్యాచ్ ఎన్నాళ్లు నడుస్తుంది? ఇవన్నీ తేల్చుకున్నాక కూడా కొందరికి ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది: ‘ఈ ఏడు నాకు ఏ నంబర్ నడుస్తోంది?’ మైత్రీవనం నుంచి పంజాగుట్ట వైపు నడిస్తే న్యూమరాలజిస్టుల బోర్డులు కనిపిస్తాయి. అక్కడికి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది పేరులో అక్షరం కలపడం గురించో, బండి నంబర్ గురించో అడుగుతారు. ఏ పేరూ మార్చనక్కరలేని, ఎవరికి వారే కాగితం మీద వేసుకోగలిగిన పద్ధతి పర్సనల్ ఇయర్. చదువు, ఉద్యోగం, విశ్రాంతి ఏ ఏడు దేనికి పెట్టుకోవాలో ఆలోచించేవాళ్లకు ఈ సంప్రదాయంలో అన్నిటికన్నా పనికొచ్చేది ఇదేనని నా నమ్మకం.

మనకు ఏటేటా ఫలం చూసుకోవడం కొత్త కాదు. ఉగాదినాడు ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు రాశిని బట్టి వింటాం. పర్సనల్ ఇయర్ మాత్రం రాశితో పని లేకుండా పుట్టినరోజు మీద, ఇంగ్లిషు క్యాలెండర్ మీద నడుస్తుంది. 20వ శతాబ్దం మొదట్లో అమెరికాలో ఎల్. డౌ బాలియెట్ వంటివారు రూపు దిద్దిన సంఖ్యాశాస్త్రం నుంచి వచ్చిన పద్ధతి ఇది. మన దగ్గర అంకెలకు గ్రహాలనూ జోడించి చెబుతారు: ఒకటికి సూర్యుడు, అయిదుకు బుధుడు, ఏడుకు కేతువు, ఎనిమిదికి శని.

లెక్క చిన్నదే. పుట్టిన తేదీ, పుట్టిన నెల, నడుస్తున్న సంవత్సరం, ఈ మూడింటి అంకెలూ కూడి ఒక్క అంకె మిగిలేదాకా కుదించాలి. 1999 ఆగస్టు 14న పుట్టిన ఒక అమ్మాయిని అనుకుందాం. 14 అంటే 1+4, అయిదు. ఆగస్టు ఎనిమిది. రెండూ కలిపితే 13, అంటే నాలుగు. 2026 అంకెలు కూడితే 10, అంటే ఒకటి. నాలుగూ ఒకటీ అయిదు. 2026లో ఆమెకు నడిచేది అయిదో సంఖ్య.

తప్పు జరిగేది ముఖ్యంగా రెండు చోట్ల. నడుస్తున్న సంవత్సరం బదులు పుట్టిన సంవత్సరం కూడేస్తారు. అప్పుడు వచ్చేది జీవితమంతటికీ చెప్పే విధి సంఖ్య, ఏటి సంఖ్య కాదు. ఈ అమ్మాయికి అదీ అయిదే వస్తుంది కాబట్టి పొరపాటు బయటపడదు కూడా. దాన్ని పట్టుకోవడానికి పక్క ఏళ్లకూ లెక్క వేసి చూడాలి. ఏటి సంఖ్య ఏడాదికి ఒకటి చొప్పున పెరగాలి, తొమ్మిది తర్వాత ఒకటికి రావాలి. ఏ ఏడు వేసినా అదే అంకె వస్తోందంటే పుట్టిన సంవత్సరం కలిసిందన్నమాట. రెండో చిక్కు మన ఊళ్లది: బడిలో చేర్చేటప్పుడు రాయించిన తేదీ ఒకటి, అసలు పుట్టినరోజు ఇంకొకటి. ఈ పద్ధతికి అసలు తేదీయే కావాలి. సర్టిఫికెట్‌లో ఏముందో కాదు, అమ్మనో అమ్మమ్మనో అడిగి తెలుసుకోవాలి.

ఇక ఈ అంకెను ఒంటరిగా చదవకూడదు. తొమ్మిదేళ్ల వరుసలో అది ఎక్కడుందో చూస్తేనే అర్థం వస్తుంది. ఆ అమ్మాయికి 2021లో తొమ్మిది నడిచింది. తొమ్మిది ముగింపుల ఏడు. ఇంజనీరింగ్ చివరి ఏడాది అదే అయితే వరుసకు సరిగ్గా అమరింది. 2022లో ఒకటి, అంటే కొత్త మొదలు, తొలి ఉద్యోగం. రెండు నిదానానిది, మూడు నలుగురిలో కలిసి బయటపడేది. 2025లో నాలుగు: పునాది, క్రమం, రోజూ చేసే పని. సాయంత్రం బ్యాచ్‌లో చేరి ఆఫీసు అయ్యాక కొత్త కోర్సు నేర్చుకోవడానికి సంప్రదాయం చెప్పే ఏడు ఇదే. ఆ ఏటి మొత్తం కుదించకముందు 22 వస్తుంది. దాన్ని మాస్టర్ నంబర్‌గా తీసుకుని పెద్ద ఫలితాలు చెప్పేవాళ్లున్నారు. పథకం వేసుకోవడానికి మాత్రం నాలుగుగా చూడటమే మేలు.

అయిదు మార్పుకు, ప్రయాణానికి పేరున్నది. ఉద్యోగం మారవచ్చా అనే ప్రశ్న ఎక్కువగా ఈ ఏటే వస్తుంది. కానీ ఆ ఏడు ఎప్పుడు మొదలైనట్టు? జనవరి 1 నుంచి అనేవాళ్లు కొందరు, పుట్టినరోజు నుంచి అనేవాళ్లు కొందరు. రెండో లెక్క ప్రకారం ఈ అమ్మాయికి 2026 ఆగస్టు 13 దాకా నాలుగే. ఏడు నెలలకు పైగా తేడా. ఎవరు సరైనవాళ్లని వాదించడం కన్నా, రెండు లెక్కలూ కలిసే కాలాన్ని పట్టుకోవడం మంచిది. ఆగస్టు 14 నుంచి డిసెంబర్ 31 దాకా ఇద్దరూ అయిదే అంటారు.

ఏటి లెక్కలోపల నెలల లెక్క కూడా ఉంది. ఏటి సంఖ్యకు నెల సంఖ్య కూడాలి. సెప్టెంబర్‌కు 5+9, పద్నాలుగు, అంటే మళ్లీ అయిదు. కొత్త చోట చేరడానికి ఆ నెల అన్ని వైపుల నుంచీ కుదురుతుంది. ఇప్పుడు వెనక్కి లెక్కపెట్టాలి. నోటీసు పీరియడ్ 90 రోజులైతే జూన్ 1కల్లా పేపర్లు పెట్టాలి. అంటే ఆఫర్ లెటర్ మే నెలలో చేతికి రావాలి, ఇంటర్వ్యూలు మార్చి, ఏప్రిల్‌లలో జరగాలి. ఆ నెలల్లో పుట్టినరోజు లెక్కన ఇంకా నాలుగే నడుస్తోంది, అంటే తయారీ కాలం. ఇలా చదివితే అయిదో ఏడు దూకమని చెప్పదు, దూకే ముందు ఏం సిద్ధం కావాలో తేదీలతో సహా చూపిస్తుంది.

అయిదును తప్పుగా వాడుకున్న గుర్తు ఒకటుంది. ఎందుకు మానేస్తున్నావని అడిగితే పది కారణాలు వస్తాయి, ఎక్కడ చేరుతున్నావంటే జవాబు రాదు. అది విసుగు, దాన్ని అంకె మీద వేయకూడదు. ఆఫర్ లేకపోతే సెప్టెంబర్ దాటిపోనివ్వాలి. డిసెంబర్ దాకా ఎలాగూ అయిదే.

విశ్రాంతికి ఏడో సంఖ్య. ఈ అమ్మాయికి అది 2028లో వస్తుంది. దీన్ని సెలవుల ఏడుగా చూసేవాళ్లున్నారు, పరీక్షల ఏడుగా చూసేవాళ్లూ ఉన్నారు. నిజానికి సంప్రదాయం అడిగేది ఏకాంతం. పుస్తకంతో కూర్చున్నా, ఊరికి వెళ్లి ఉన్నా ఫరవాలేదు. ఏడులో పనికిరానిది పదవి కోసం పోటీ, అది పక్కనున్న ఎనిమిదికి వదలాలి. ఏడుకు ముందు వచ్చేది ఆరు, ఇంటి బాధ్యతలది. పెళ్లో, అమ్మానాన్నల వైద్యమో, ఇల్లు మారడమో ఆ ఏటిలో పడితే తర్వాతి విరామానికి డబ్బు మిగలకపోవచ్చు. అందుకే ఏడో ఏటి విశ్రాంతికి కావలసిన సొమ్ము అయిదులో పెరిగిన జీతం నుంచే పక్కన పెట్టడం మొదలుపెట్టాలి.

ఈ లెక్కకు హద్దులున్నాయి. ఆగస్టు 14న పుట్టిన అందరికీ, పాతికేళ్లవారికైనా అరవై ఏళ్లవారికైనా, 2026లో అయిదే వస్తుంది. ఒకరికి ఉద్యోగం మారడం, ఇంకొకరికి రిటైరయ్యాక ఊరు మారడం. అంకె ఫలితం ఇస్తుందని కొలిచి చూపిన ఋజువు లేదు, ఐటీ మార్కెట్ సంగతీ అంకెకు తెలియదు. నాలుగో ఏటిలో కంపెనీ మూతపడితే అయిదు కోసం ఆగకూడదు. గ్రూప్స్ నోటిఫికేషన్ తొమ్మిదో ఏటిలో వచ్చినా దరఖాస్తు గడువులోగానే పెట్టాలి. అలాంటప్పుడు అనుభవజ్ఞులు ఏటిని వదిలి నెలను చూస్తారు. ఈ అమ్మాయికి 2030లో తొమ్మిది. ఆ ఏడు జనవరి నెల సంఖ్య ఒకటి, అక్టోబర్ సంఖ్య కూడా ఒకటే. ముగింపుల ఏటిలోనూ మొదలుపెట్టడానికి రెండు నెలలు దొరుకుతాయి. నోటిఫికేషన్ ఆ రెండింటిలో పడకపోతే, గడువు తేదీయే ముహూర్తం.